అమ్మానాన్నల్లో ఒకరు విదేశంలో ఉంటే: స్కాలర్‌షిప్ వ్యాసంలో ఆ దూరాన్ని, ఇంటి బాధ్యతను ఎలా రాయాలి

స్కాలర్‌షిప్ కోసం పిల్లలు రాసుకొచ్చే వ్యాసాలు దిద్దడం నాకు కొన్నేళ్లుగా అలవాటైన పని. నాన్నో అమ్మో విదేశంలో పనిచేస్తున్న పిల్లల వ్యాసాల్లో తొలి ప్రతి దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. విమానాశ్రయంలో కన్నీళ్లు, పండగ రోజు వీడియో కాల్, "నాన్న మా కోసం కొవ్వొత్తిలా కరిగిపోయారు", చివర్లో "ఆయన కలను నిజం చేస్తాను". రాసినవాళ్ల బాధ నిజమే. కానీ చదివేవాళ్లకు ఆ వ్యాసంలో నాన్న కనిపిస్తారు, విద్యార్థి కనిపించరు. స్కాలర్‌షిప్ ఇచ్చేది మాత్రం విద్యార్థికి.

అందుకే మొదటి రోజే ఒక మాట చెప్పేస్తాను. దూరం మీ వ్యాసానికి కారణం మాత్రమే, విషయం కాదు. ఆ దూరం వల్ల ఇంట్లో ఏ పని ఖాళీ అయింది, అది మీ చేతికి ఎలా వచ్చింది, దాన్ని మీరు ఎలా నడిపారు అన్నదే విషయం. దీన్ని ఒక అమ్మాయి వ్యాసం పట్టుకుని, అంచెలంచెలుగా చూపిస్తాను. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమె పన్నెండో తరగతి. నాన్న విదేశంలో క్రేన్ ఆపరేటర్, రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. అమ్మది నైట్ డ్యూటీ. ఇంట్లో నాయనమ్మ, ఎనిమిదేళ్ల తమ్ముడు. నాన్న ఉండే చోటికీ ఇంటికీ నాలుగు గంటల తేడా.

మొదట వ్యాసం కాదు, వారం రోజుల లెక్క

ఆమె తెచ్చిన తొలి ప్రతిలో ఒక వాక్యం ఇలా ఉంది: "చిన్న వయసులోనే ఇంటి బాధ్యతలన్నీ నా భుజాల మీద పడ్డాయి, రోజుకు ఐదారు గంటలు వాటికే సరిపోతుంది." భుజాల సంగతి సరే, ఈ ఐదారు గంటలు ఎక్కడివని అడిగాను. "అంత ఉంటుందండీ" అంది. ఉంటుందేమో. కానీ రోజుకు ఐదారు గంటలంటే వారానికి ముప్పై ఐదు నుంచి నలభై రెండు. అదే దరఖాస్తులో ఇంకో గడిలో బడి, ల్యాబ్, సైన్స్ క్లబ్, పరీక్షల శిక్షణ అన్నీ రాస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఇక నిద్ర ఎక్కడ అన్న అనుమానం వస్తుంది. ఒక్క అంకె మీద అనుమానం వస్తే మిగతా వ్యాసాన్ని కూడా అదే కంటితో చదువుతారు.

కాబట్టి ఒక వారం పాటు చేసిన పనినల్లా అప్పటికప్పుడు ఫోన్‌లో రాసుకోమన్నాను. పని పేరు, మొదలైన టైమ్, అయిపోయిన టైమ్, అంతే. పరీక్షల వారమో సెలవుల వారమో కాకుండా మామూలు వారం ఎంచుకోవాలి. ఏడో రోజు కూడితే తమ్ముణ్ని బడి నుంచి తీసుకురావడం, హోంవర్క్ చేయించడం కలిపి ఏడు గంటలు, ఇంటిపని ఐదు, నాయనమ్మ మందులూ ఆసుపత్రీ మూడు, డబ్బు లెక్కలూ చెల్లింపులూ రెండు. మొత్తం పదిహేడు.

ఆ అంకె చూసి ఆమె ముఖం చిన్నబోయింది. "ఇంతేనా?" అంది. నాకు మాత్రం అది చాలా మంచి అంకె. ఎవరైనా అడిగితే విడదీసి చెప్పగలిగిన అంకె అది. పైగా బడి ఉన్న వారంలో పదిహేడు గంటలంటే తక్కువేమీ కాదు.

ఒక్క పనిని ఎంచుకోవడం

ఈ పదిహేడు గంటలనూ వ్యాసంలో కుక్కితే అది పనుల జాబితా అవుతుంది. ఒక్క పనినే ఎంచుకోవాలి. ఏదన్నది తేల్చుకోవడానికి నేను రెండు ప్రశ్నలు వేయిస్తాను.

మొదటిది: అమ్మ లేదా నాన్న ఇంట్లోనే ఉండి ఉంటే ఈ పని మీ దాకా వచ్చేదా? తమ్ముడి హోంవర్క్ ఎలాగూ అక్కే చేయిస్తుంది, నాన్న ఉన్నా లేకపోయినా. ఇంటిపని కూడా అంతే. దూరం వల్లే వచ్చిన పని ఏదో అది వేరు.

రెండోది: ఆ పనిలో మీ నిర్ణయం ఏమైనా ఉందా, లేక చెప్పింది చేశారా? చెప్పింది చేయడం తక్కువేం కాదు. కానీ వ్యాసం నిలబడాలంటే "ఇది చేయాలా, అది చేయాలా" అని మీరు తేల్చుకున్న చోటు ఒకటైనా ఉండాలి.

ఈ రెండు ప్రశ్నలకూ నిలిచింది ఆమె జాబితాలో అన్నిటికన్నా తక్కువ టైమ్ పట్టే పని. వారానికి రెండు గంటల డబ్బు లెక్కలు. తొలి ప్రతిలో దాని ఊసే లేదు. "అది పనేంటండీ, ఫోన్ పట్టుకుని కూర్చోవడమేగా" అంది. ఇలాంటి పిల్లలు తమ అసలు పనిని పనిగా లెక్కేసుకోరు. అలవాటైపోయి ఉంటుంది కదా. అందుకే ఇంట్లోవాళ్లను కూడా అడగమంటాను: "నేను వారం రోజులు ఊరెళ్తే ఇంట్లో ఏది ఆగిపోతుంది?" ఆమె అమ్మను అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా జవాబు వచ్చింది. "అద్దె."

ఎందుకంటే బ్యాంకు ఖాతా నాన్న పేరున ఉంది, ఓటీపీ వెళ్లేది నాన్న నంబరుకే. నాన్న షిఫ్టులో ఉన్నంతసేపూ ఫోన్ లాకర్‌లో ఉంటుంది. షిఫ్టు దిగి గదికి చేరేసరికి అక్కడ రాత్రి ఏడూ నలభై, ఇక్కడ పదకొండూ నలభై. అప్పటికి అమ్మ డ్యూటీలో ఉంటుంది. ఇంట్లో ఆ టైమ్‌కి మేలుకుని చెల్లింపులు చేయగలిగింది ఈ అమ్మాయి ఒక్కతే. చూశారా, దూరం అన్న మాట వాడకుండానే దూరం ఎంతో తెలిసిపోయింది.

(ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటాయి. ఇంట్లో జరిగింది అదే కాబట్టి ఆమె అలాగే రాసింది. ఆ తర్వాత అమ్మతో కలిపి ఉమ్మడి ఖాతా తెరిపించిన సంగతి కూడా రాయమన్నాను. లేదంటే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.)

ఏ గడిలో ఏది పెట్టాలి

రాయబోయే ముందు దరఖాస్తు మొత్తం ఒకసారి చూడాలి. చెప్పాల్సిందంతా వ్యాసంలోనే చెప్పాలని చాలామంది అనుకుంటారు, అక్కడే ఇరుకు మొదలవుతుంది. ఉదాహరణకు అమెరికా కాలేజీలకు వాడే కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసం 650 పదాలు దాటకూడదు. కానీ దానికి విడిగా పది దాకా వ్యాపకాలు రాసుకునే చోటు ఉంది. అందులోని రకాల్లో ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్ అనేది ఒకటి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అక్కడే అడుగుతారు. వివరణకు 150 అక్షరాలు ఇస్తారు. మన పదిహేడు గంటలకు సరైన చోటు అది.

ఇంటిపని కూడా వ్యాపకమేనా అని మొహమాటపడేవాళ్లకు ఒక సంగతి. హార్వర్డ్ విద్యా కళాశాలకు చెందిన మేకింగ్ కేరింగ్ కామన్ అనే ప్రాజెక్టు 2016లో ఒక నివేదిక విడుదల చేసింది. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం, ఇంటి బాధ్యతలు మోయడం, కుటుంబం కోసం సంపాదించడం లాంటివాటికి అడ్మిషన్లలో తగిన విలువ ఇవ్వాలని అది సూచించింది. అంటే మీరేదో తప్పనిసరై చెబుతున్న సాకు కాదిది, అవతలివాళ్లు అడుగుతున్న సమాచారమే.

ఆ గడిలో ఆమె చివరికి రాసిన మాటలు దాదాపు ఇవి: "నలుగురి ఇంటి నెల ఖర్చుల లెక్క, అద్దె, ఫీజుల చెల్లింపు, నాయనమ్మ మందులు, తమ్ముడి చదువు, ప్రతి ఆదివారం నాన్నకు లెక్కల పేజీ." ఇందులో బాధ అన్న మాట లేదు, త్యాగం అన్న మాట లేదు. ఇలా ఒక గడిలో లెక్క తేలిపోతే వ్యాసానికి చోటు మిగులుతుంది.

తర్వాత ప్రశ్నను చూడాలి. పైకి ఒకేలా కనిపించినా ప్రశ్నలు వేరువేరుగా ఉంటాయి. "మీరు ఎదుర్కొన్న కష్టం" అంటే కష్టం ఏమిటన్నది కొద్దిగా, దానికి మీరేం చేశారన్నది ఎక్కువగా రాయాలి. "నాయకత్వం" అంటే ఇంకొకరిని కలుపుకుని నడిపిన చోటు ఉండాలి. ఇంట్లో అయినా సరే, అమ్మతో కూర్చుని ఖర్చులు తేల్చడం కూడా అందులోకే వస్తుంది. "ఆర్థిక అవసరం" అంటే కథ కాకుండా ఆదాయం, దాని మీద ఆధారపడినవాళ్లు, ఖర్చు సూటిగా రాయాలి. ఒకే వ్యాసాన్ని మూడింటికీ అతికిస్తే మూడూ అడ్డదిడ్డంగా తయారవుతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ దరఖాస్తులో ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగు ఎంచుకోమంటారు, ఒక్కోదానికి 350 పదాలే. అలాంటిచోట ఇల్లూ వాకిలీ పరిచయానికే వంద పదాలు పోతే మిగిలేది ఏముంటుంది?

కొలత వేసుకుని రాయడం

650 పదాల వ్యాసానికి నేను చెప్పే కొలత ఇది: ఒక దృశ్యానికి తొంభై, ఇంటి పరిస్థితికి ఎనభై, పని ఎలా నడుస్తుందన్నదానికి నూట ఎనభై, నిర్ణయం తీసుకున్న ఘట్టానికి రెండువందలు, ఇక ముందు ఏం చదవబోతున్నారు, ఎందుకు అన్నదానికి మిగిలిన వంద. అటూ ఇటూ అయితే ఫరవాలేదు. ఇంటి పరిస్థితికి మాత్రం ఎనభై దాటనివ్వొద్దు. తొలి ప్రతుల్లో నాలుగువందలు మింగేసేది అదే.

ఆ ఎనభై పదాల్లో రావాల్సినవి ఎవరు విదేశంలో ఉన్నారు, ఎన్నేళ్లుగా, ఏం పని, ఎన్నాళ్లకోసారి వస్తారు, ఇంట్లో ఎవరున్నారు. ఇవి వరుసగా చెప్పేస్తే చాలు. "నాన్న నా నాలుగో తరగతిలో వెళ్లారు. రెండేళ్లకోసారి వస్తారు. ఇప్పటికి నాలుగుసార్లు వచ్చారు." ఈ మూడు వాక్యాల తర్వాత "ఆయన లేని లోటు ఎంతో బాధించింది" అని రాయనక్కర్లేదు. నాలుగుసార్లు అన్న అంకెను చదివినవాళ్లు మోస్తారు.

దృశ్యానికి వద్దాం. విమానాశ్రయం వద్దు. అది నాలుగో తరగతి పిల్ల జ్ఞాపకం, దరఖాస్తు పెడుతున్నది పదిహేడేళ్ల మనిషి. పైగా ఆ దృశ్యం చదివేవాళ్ల ముందు అప్పటికే ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది. ఆమె మొదలుపెట్టింది ఇలా:

"రాత్రి పదకొండూ నలభై. తమ్ముడు లేవకుండా ఫోన్‌ను దిండు కింద పెట్టుకుని కూర్చుంటాను. నాన్న గదికి రాగానే మిస్డ్ కాల్ ఇస్తాడు. నేను అద్దె పంపే బటన్ నొక్కుతాను. ఆరు అంకెలు ఆయన చదువుతాడు, నేను కొడతాను. 'అయిందా?' అంటాడు. 'అయింది నాన్నా' అంటాను. 'సరే పడుకో తల్లీ' అని పెట్టేస్తాడు. చాలా రాత్రులు మేం మాట్లాడుకున్నది అంతే."

తొలి ప్రతిలో పేజీన్నర ఉన్న ఎడబాటు ఈ చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి దృశ్యం వెతుక్కోవడానికి కష్టపడనక్కర్లేదు. మీ ఇంట్లో విదేశంలో ఉన్న మనిషితో వారంలో ఎక్కువసార్లు నడిచే సంభాషణ ఏదో, దాన్ని జరిగింది జరిగినట్టు రాసి చూడండి. ఏడుపు రాత్రుల కన్నా అలవాటైపోయిన రాత్రులే ఎక్కువ చెబుతాయి.

డబ్బు గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మీ కరెన్సీలో అంకె వేస్తే ఇంకో దేశంలో చదివేవాళ్లకు అది ఎక్కువో తక్కువో తెలియదు. వంతుల్లో రాయండి. "నాన్న పంపేదానిలో మూడోవంతు అద్దెకే పోతుంది" అంటే ఎక్కడివాళ్లకైనా అర్థమవుతుంది. ఆర్థిక అవసరం గురించి అడిగే గడిలో మాత్రం అసలు అంకెలే ఇవ్వాలి. అవి జీతం కాగితాలతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోవాలి. కుటుంబ ఆదాయం అంటే నాన్న ఇంటికి పంపిన మొత్తమా, అక్కడ ఆయనకు వచ్చే మొత్తం జీతమా అన్నది దరఖాస్తు సూచనల్లో చూసుకోవాలి. ఈ రెండూ కలగాపులగం చేయడం నేను చూసిన తప్పుల్లో పెద్దది. మంచి వ్యాసం రాసి ఇక్కడ జారిపోయినవాళ్లున్నారు.

నిర్ణయం తీసుకున్న ఘట్టం

ఈ వ్యాసానికి వెన్నెముక ఇదే, అందుకే దీనికి రెండువందల పదాలు. ఆమె పదకొండో తరగతిలో ఉండగా నాన్న పనిచేసే చోట రెండు నెలలు జీతాలు ఆగిపోయాయి. ఆ మాట నాన్న చెప్పలేదు, "ఈసారి కొంచెం లేటవుతుంది" అన్నాడంతే. ఇక్కడ ఖాతాలో ఉన్నది ఒక నెలకు సరిపడా. చెల్లించాల్సినవి నాలుగు: అద్దె, తమ్ముడి ఫీజు, నాయనమ్మ బీపీ మందులు, ఈమె పరీక్ష శిక్షణ ఫీజు.

తొలి ప్రతిలో ఈ రెండు నెలలు ఒకే వాక్యంలో ముగిసిపోయాయి: "ఎన్నో ఆర్థిక ఇబ్బందులను ధైర్యంగా ఎదుర్కొన్నాను." ధైర్యంగా అంటే ఏం చేశావని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. అమ్మతో కూర్చుని నాలుగింటినీ కాగితం మీద రాసింది. ఏది ఆలస్యమైతే ఏమవుతుందో పక్కన రాసింది. మందులు ఆగకూడదు కాబట్టి అవి ముందు. అద్దె సగం ఇప్పుడు, సగం వచ్చే నెల అని ఇంటి యజమానిని అడిగింది అమ్మ. బడి ఆఫీసుకు వెళ్లి ఫీజును మూడు వాయిదాలు చేయించింది ఈమె. తన శిక్షణ మానేసి లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుంది. ఆ నెల ఫిజిక్స్ పరీక్షలో మార్కులు తగ్గాయి.

ఇందులో మూడు చోట్ల ఆమె తడబడింది. మొదటిది, ఇంటి యజమానితో మాట్లాడింది కూడా తానే అన్నట్టు రాసింది. అది అమ్మ చేసిన పని, అమ్మ పేరునే ఉండాలి. అమ్మకు ఇవ్వాల్సింది అమ్మకు ఇస్తే మీ వాటా తగ్గిపోదు, మీరు చెప్పేదాని మీద నమ్మకం పెరుగుతుంది. రెండోది, శిక్షణ మానేయడాన్ని గొప్ప త్యాగంగా రెండు వాక్యాలు సాగదీసింది. "మానేశాను" అన్న ఒక్క మాట చాలన్నాను. మూడోది, మార్కులు తగ్గిన సంగతి దాచేసింది. ఆ మార్కులు ఎలాగూ మార్కుల పత్రంలో కనిపిస్తాయి. కారణం పక్కనే ఒక వాక్యంలో ఉంటే అది సాకులా కూడా అనిపించదు.

తర్వాత ఏమైందన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. ఆ రెండు నెలలూ ఫోన్‌లో నాన్న "అంతా బాగానే ఉంది" అన్నాడు, ఈమె "ఇక్కడా బాగానే ఉంది" అంది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచిపెట్టుకున్నారు. ఆ అబద్ధం తట్టుకోలేక ఒక ఆదివారం లెక్కల పుస్తకంలోని పేజీని ఫొటో తీసి నాన్నకు పంపింది. ఆయనకు కోపం వచ్చింది. "ఇవన్నీ నీకెందుకు, చదువుకో ముందు" అన్నాడు. ఆమె వాదించలేదు, వచ్చే ఆదివారం మళ్లీ పంపింది. మూడో ఆదివారం జవాబు వచ్చింది: "అద్దె రెండుసార్లు రాశావు, చూసుకో."

నిజంగానే రెండుసార్లు రాసింది.

ఈ ముక్క తొలి ప్రతిలో లేదు. తన తప్పు కదా, ఎందుకు రాయడం అనుకుంది. నేను మాత్రం వ్యాసమంతా ఇక్కడే ఉందన్నాను. నాలుగు గంటల తేడాలో ఎక్కడో ఉన్న మనిషి తన ఇంటి లెక్కలో తప్పు పట్టాడు. అప్పటిదాకా డబ్బు పంపే మనిషిగా ఉన్నవాడు మళ్లీ ఇంట్లో ఒకడయ్యాడు. అది ఈమె పంపిన పేజీ వల్ల జరిగింది. "కుటుంబాన్ని ఒక్కటిగా ఉంచాను" అని పెద్ద అక్షరాలతో రాసినా ఇంత రాదు.

చదువుకు ముడి వేయడం

మిగిలిన వంద పదాల్లో చాలామంది "ఈ అనుభవం నాకు టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పింది" అని ముగించేస్తారు. ఎవరి వ్యాసానికైనా అతుక్కునే వాక్యం మీ వ్యాసానికి అక్కర్లేదు. మీరు చేసిన పనిలోంచి పుట్టిన ప్రశ్న ఏదైనా ఉంటే దాన్ని పట్టుకోండి. ఈమె చదవాలనుకుంటున్నది కామర్స్ కాదు, కంప్యూటర్ సైన్స్. మొదట రెండింటికీ సంబంధం కనిపించలేదు. మాట్లాడగా మాట్లాడగా తేలింది: ఒకరి ఫోన్‌కి వచ్చే ఆరంకెల మీద, ఇంకో దేశంలో ఉన్న ఇంటి అద్దె ఆధారపడేలా ఆ వ్యవస్థను ఎవరు తయారుచేశారు, ఇలాంటి ఇళ్లు వాళ్ల లెక్కలో ఉన్నాయా అన్నది ఆమె నిజంగానే ఆలోచించిన సంగతి. అదే రాసింది. మీకు అలాంటి ముడి లేకపోతే బలవంతంగా వేయొద్దు. ఏ కోర్సు, ఎందుకు అని సూటిగా రెండు వాక్యాలు రాసి ఆపేయడం నయం.

పంపే ముందు చూసుకోవాల్సినవి

ప్రతి అయ్యాక నేను పెన్సిల్ ఇచ్చి వాక్యాల కర్తలను లెక్కపెట్టమంటాను. ప్రతి వాక్యంలో పని చేసింది ఎవరు? నాన్న, అమ్మ, పరిస్థితులు, విధి ఇవి సగం కన్నా ఎక్కువైతే వ్యాసం ఇంకా మీది కాలేదు. "నేను" ఉన్న వాక్యాల్లో కూడా "బాధపడ్డాను, అనుకున్నాను, తెలుసుకున్నాను" అన్న క్రియలను పక్కన పెట్టి "రాశాను, అడిగాను, పంపాను, ఆపాను" లాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. ఈమె తొలి ప్రతిలో ముప్పై ఒక్క వాక్యాల్లో అలాంటివి నాలుగు. ఆఖరి ప్రతిలో ఇరవై తొమ్మిదింటిలో పదిహేడు.

సిఫార్సు లేఖ రాసే టీచర్‌కు ఈ సంగతులు తెలిసి ఉండాలి. వ్యాసం ఒకటి చెబుతుంటే లేఖలో "సాయంత్రం కార్యక్రమాలకు ఎప్పుడూ ఆగదు" అని ఫిర్యాదు ధోరణిలో ఉంటే ఇబ్బంది. ముందే అరపేజీ రాసిచ్చి, "ఫిజిక్స్ మార్కులు తగ్గిన నెల ఇంట్లో ఇదీ సంగతి" అని చెబితే ఆ టీచరే దాన్ని ఇంకో వైపు నుంచి ధ్రువపరుస్తారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యంగా, వ్యాసంలో ఉన్న మనిషి దాన్ని వినాలి. ఇది మర్యాద కోసమే కాదు. విదేశంలో పనిచేసేవాళ్ల వీసా స్థితి, యజమానితో గొడవలు, జీతం బకాయిల లాంటివి బయటికి పొక్కితే వాళ్ల ఉద్యోగానికే ఎసరు రావచ్చు. కంపెనీ పేరు, ఊరి పేరు, వీసా వివరాలు వ్యాసానికి అక్కర్లేదు, తీసేయండి. "పనిచేసే చోట జీతాలు ఆగాయి" అంటే సరిపోతుంది. ఏదైనా ఇంకా రగులుతున్న గొడవైతే అది కూడా వద్దు.

ఈ అమ్మాయి తన వ్యాసాన్ని ఒక రాత్రి పదకొండూ నలభైకి నాన్నకు చదివి వినిపించింది. జీతాలు ఆగిన సంగతి దగ్గర ఆయన ఏమంటాడోనని భయపడింది. ఆయన దానికేమీ అనలేదు. పేజీ పంపినప్పుడు కోప్పడ్డ సంగతికి నవ్వాడు. అడ్డు చెప్పింది ఒకే ఒక్క వాక్యానికి: గదిలో ఎనిమిది మంది ఉంటారని, పై మంచం ఆయనదని రాసిన చోట. "అది తీసెయ్ తల్లీ, మీ అమ్మకు నలుగురమనే చెప్పాను" అన్నాడు.

తీసేసింది. తొమ్మిది పదాలు మిగిలాయి.